అక్క చూసిన నాన్న, తమ్ముడు చూసిన నాన్న

ప్రశ్న: నేనొక చిన్న కథ రాస్తున్నానండి. నాన్నకి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. అక్కా తమ్ముడూ రాత్రులు వంతులేసుకుని ఆయన మంచం దగ్గర ఉంటారు. కథంతా ఫ్యామిలీ గ్రూపులో వాళ్ళు పెట్టుకునే మెసేజ్‌లే. చిత్తుప్రతి కూడా పంపుతున్నాను. చదివిన ఫ్రెండ్స్ మాత్రం “అన్నీ నిజంలాగే ఉన్నాయి, కానీ కథెక్కడుంది?” అంటున్నారు. మధ్యమధ్యలో మామూలు వర్ణన కలపమంటారా? లేక చివర్లో నాన్న చనిపోతే కథకి బరువొస్తుందా?

జవాబు: రెండూ వద్దు. వర్ణన కలిపితే మీరు ఎంచుకున్న పద్ధతిని మీరే నమ్మడం లేదని తెలిసిపోతుంది, నాన్నని చంపేస్తే అప్పటిదాకా చదివిన మెసేజ్‌లన్నీ ఆ ఒక్క వార్త కోసం ఆగిన వెయిటింగ్ హాల్ అయిపోతాయి. మీ చిత్తుప్రతిలో లోపం వేరే చోట ఉంది. అక్క చూసేదీ తమ్ముడు చూసేదీ ఒకే నాన్నని. ఇద్దరూ చూసింది చూసినట్టు రాసేస్తున్నారు. జ్వరం ఇంత, టాబ్లెట్ వేశారు, పడుకున్నారు, నేను బయల్దేరా, నువ్వెక్కడున్నావ్. ఇది నర్సులు డ్యూటీ మారేటప్పుడు ఒకరికొకరు అప్పజెప్పుకునే రిపోర్టు. అందులో అబద్ధం లేదు, అనుమానం లేదు, ఒకరికి తెలిసి ఇంకొకరికి తెలియనిది లేదు. కథ ఎక్కడి నుంచి వస్తుంది?

అదృష్టం ఏంటంటే మీరు ఎంచుకున్న జబ్బులోనే మీకు కావాల్సింది ఉంది. వయసు మళ్ళినవాళ్ళకి తుంటి ఆపరేషన్ అయ్యాక మొదటి కొన్ని రోజుల్లో చాలామందికి మతి తప్పినట్టవుతుంది. డాక్టర్లు దీన్ని డెలీరియం అంటారు. ఇది మతిమరుపు జబ్బు కాదు. అది నెలలూ ఏళ్ళూ పట్టి మెల్లగా ముదురుతుంది, ఇది గంటల్లో, ఒకట్రెండు రోజుల్లో వచ్చిపడుతుంది. పైగా నిలకడగా ఉండదు. పొద్దున రౌండ్స్‌కి డాక్టర్ వచ్చేసరికి మనిషి చక్కగా మాట్లాడుతుంటాడు, చీకటి పడ్డాక సొంత కొడుకుని “ఎవరు నువ్వు” అంటాడు. ఒక రాత్రి ఉన్నట్టు ఇంకో రాత్రి ఉండడు. అంటే ఒక రాత్రి కాపలా ఉన్నవాడు చెప్పింది మర్నాటి రాత్రి ఉన్నవాళ్ళు నమ్మరు. వంతులేసుకున్న ఇద్దరి మధ్య తగువు పెట్టడానికి ఇంతకంటే ఏం కావాలండీ.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది, మీ కథకి అసలు ప్రాణం అదే. డెలీరియం రెండు రకాలుగా కనిపిస్తుంది. ఒకటి అందరికీ తెలిసిపోయే రకం: లేచి వెళ్ళిపోతానంటారు, చేతికున్న సూది పీకేసుకుంటారు, మూలన ఎవరో ఉన్నారంటారు. రెండోది గొడవ చేయని రకం. మనిషి మత్తుగా పడుంటాడు, పిలిస్తే కళ్ళు తెరిచి మళ్ళీ మూసుకుంటాడు, అడిగినదానికి సగం జవాబు చెప్పి మధ్యలో మర్చిపోతాడు, నోట్లో పోసిన నీళ్ళు బుగ్గలోనే ఉంచుకుంటాడు. పక్కన కూర్చున్నవాళ్ళకి అది మంచి నిద్రలా కనిపిస్తుంది. అందుకే ఎక్కువగా కనిపెట్టకుండా వదిలేసేది ఈ రెండో రకాన్నే. చాలాసార్లు గొడవ చేసే రకం కంటే ఇదే ప్రమాదం కూడా, ఎందుకంటే కనిపెట్టడం ఆలస్యమయ్యేకొద్దీ దాని వెనకున్న కారణం లోపల ముదురుతూనే ఉంటుంది. ఒకే మనిషి ఒక రాత్రి ఆ రకంగా, ఇంకో రాత్రి ఈ రకంగా ఉండటం కూడా మామూలే.

ఇప్పుడు తమ్ముడి రాత్రి గోల రాత్రి, అక్క రాత్రి నిశ్శబ్దం అనుకోండి. ఇంట్లో అందరి లెక్కలో అక్క బాగా చూసుకున్నట్టు, తమ్ముడు ఫోన్ చూస్తూ కూర్చున్నట్టు. నిజానికి ఇద్దరూ చూసింది ఒకే జబ్బు, అక్క చూసింది ఇంకా కనిపెట్టాల్సిన రూపం. ఈ సంగతి పాత్రలకంటే ముందు పాఠకుడికి అనుమానం రావాలి, అది కూడా అక్క సొంత మెసేజ్‌ల లోంచే. మీరు ఎక్కడా ఒక్క ముక్క వివరించకూడదు.

ఒకసారి రాసి చూద్దాం. నాన్నకి డెబ్బై నాలుగేళ్ళు అనుకుందాం, ఆపరేషన్ అయిన రెండో రాత్రి, తమ్ముడి వంతు. గ్రూపులో అమ్మ ఉంది, అత్త ఉంది. అమ్మ గ్రూపులో ఉండటం చాలా ముఖ్యం, మీ చిత్తులో ఆవిడ ఊరికే దండం బొమ్మలు పెడుతోంది కానీ కథలో ఆవిడకి పెద్ద పనుంది. ఆవిడ చదువుతుందని తెలుసు కాబట్టే పిల్లలిద్దరూ గ్రూపులో నిజం రాయలేరు.

రాత్రి 11:05, తమ్ముడు: పడుకున్నారు. నొప్పికి ఇంజెక్షన్ చేశారు.
రాత్రి 1:48, తమ్ముడు: (తొలగించిన మెసేజ్)
రాత్రి 2:55, తమ్ముడు: ఏం లేదు, కొంచెం లేచారు. ఇప్పుడు ఓకే.
తెల్లవారుజామున 5:20, అమ్మ: మూలన ఎవరున్నారంటున్నార్రా

ఇంతే. 1:48కి వాడేం రాశాడో మనకి కనబడలేదు, కానీ 5:20కి అమ్మ అడిగిన ప్రశ్నతో తెలిసిపోయింది. వాడు తొలగించేలోపే ఆవిడ చదివేసింది. అంటే ఆ వేళప్పుడు ఆవిడ మేలుకునే ఉంది. చదివి కూడా మూడున్నర గంటలు ఊరుకుంది. అమ్మ నిద్రపోవడం లేదు, కొడుకు దాస్తున్నాడని ఆవిడకి తెలుసు, అయినా తెల్లారేదాకా ఆగింది. ఈ మూడు విషయాలు మామూలు కథలో రాయాలంటే పేరా పడుతుంది.

1:48కీ 2:55కీ మధ్య ఉన్న ఆ గంటా ఏడు నిమిషాలని ఏం చేయాలి? ఏమీ చేయొద్దు. మీ చిత్తులో తమ్ముడు “నాన్న సూది పీకేసుకుంటున్నారు, నేను చేతులు పట్టుకున్నాను, నర్సుని పిలుస్తున్నాను” అని లైవ్ కామెంటరీ ఇస్తున్నాడు. చేతులు పట్టుకున్నవాడు టైప్ ఎలా చేస్తాడండీ? మెసేజ్‌ల కథలో పెద్ద సంఘటనలన్నీ మెసేజ్‌లు లేనిచోట జరుగుతాయి. వాటి ఆనవాలు తర్వాత, వేరేవాళ్ళ నోటి నుంచి, పొరపాటున బయటపడాలి. పొద్దున డ్యూటీ మారాక అక్క చేత ఇలా అడిగించండి:

ఉదయం 7:40, అక్క: సూది నిన్న కుడి చేతికి కదా ఉంది. ఎడమ చేతికెందుకు మారింది
ఉదయం 7:41, అక్క: దుప్పటికి రక్తం ఏంట్రా
ఉదయం 7:58, తమ్ముడు: రాత్రి లాగేసుకున్నారు. మళ్ళీ పెట్టారు. నీకు ఫోన్ చేద్దామనుకున్నా
ఉదయం 7:58, అక్క: అప్పుడు నువ్వేం చేస్తున్నావ్

ఆ ఆఖరి ప్రశ్నకి తమ్ముడు గ్రూపులో జవాబు చెప్పకూడదు. ఏం చెప్పినా అమ్మకి కనబడుతుంది. నిజం ఏంటంటే, నాన్న వాణ్ణి గుర్తుపట్టలేదు. దొంగ అనుకుని నెట్టేశారు. ఆ మాట వాడు కథలో ఎప్పుడో ఒకసారి, ఒక్కరికే, ఒక్క వాక్యంలో చెప్పాలి. ఎప్పుడో తర్వాత చెబుతాను.

మూడో రాత్రి అక్కది. ఇక్కడ మీ చెయ్యి తిరగాలి, ఎందుకంటే ఆమె రాసే ప్రతి మెసేజ్ ఒకేసారి రెండు పనులు చేయాలి. ఇంట్లోవాళ్ళకి ధైర్యం చెప్పాలి, పాఠకుడికి భయం పుట్టించాలి.

రాత్రి 10:30, అక్క: నాన్న ప్రశాంతంగా ఉన్నారు. ఎవరూ కంగారు పడకండి
రాత్రి 12:15, అక్క: పిలిస్తే ఒకసారి కళ్ళు తెరిచారు, మళ్ళీ మూసుకున్నారు. బాగా అలిసిపోయారు పాపం
ఉదయం 6:05, అక్క: ఒక్కసారి కూడా లేవలేదు. నీళ్ళు రెండు స్పూన్లు పట్టా, మూడోది బుగ్గలోనే ఉంచుకున్నారు చిన్నపిల్లాడిలా. నర్సొచ్చి యూరిన్ బ్యాగ్ ఖాళీ చేసింది. రాత్రంతా 120 ఏ అంది
ఉదయం 6:09, అత్త: హమ్మయ్య. అన్నయ్య పడుకున్నాడు, అదే చాలు
ఉదయం 6:30, అక్క: నా దగ్గర అయితే బానే ఉన్నారు

ఆ 120 సంగతి చెప్పాలి. పెద్దవాళ్ళకి గంటకి కిలో బరువుకి కనీసం అర మిల్లీలీటరు చొప్పున మూత్రం తయారవ్వాలని ఆసుపత్రుల్లో ఒక మోటు లెక్క. అరవై కిలోల మనిషికి గంటకి ముప్పై. పది నుంచి ఆరు దాకా ఎనిమిది గంటలకి రెండు వందల నలభై దాకా ఉండాలి. సగమే ఉందంటే ఒంట్లో నీరు చాలడం లేదనో, కిడ్నీలు ఇబ్బంది పడుతున్నాయనో, గొట్టంలో ఏదో అడ్డం పడిందనో డాక్టర్ చూడాలి. ఈ లెక్క మీరు కథలో పెట్టొద్దు. నర్సు అన్న అంకె అక్కకి అర్థం కాలేదు, అయినా రాసింది, ఎందుకంటే ఆసుపత్రిలో చెప్పిన అంకెలన్నీ రాసిపెట్టుకోవడం మంచి కూతుళ్ళ అలవాటు. ఆసుపత్రి రాత్రులు తెలిసిన పాఠకుడికి అక్కడ గుండె జల్లుమంటుంది. తెలియనివాళ్ళకి బుగ్గలో ఉండిపోయిన నీళ్ళు చాలు.

“నా దగ్గర అయితే బానే ఉన్నారు.” ఈ వాక్యం కింద తమ్ముడి మెసేజ్ ఏదీ ఉండకూడదు. కథలో అసలు దెబ్బ ఇదే. అక్క కావాలని కొట్టింది కాదు, రాత్రంతా మేలుకుని పొద్దున్నే కాస్త గర్వంగా అన్నమాట. తమ్ముడు చదివాడని మాత్రం మనకి తెలియాలి. దానికి వాట్సాప్‌లో ఒక మంచి వెసులుబాటు ఉంది. విడిగా చేసుకునే చాట్‌లో నీలం టిక్కులు ఆపేసుకోవచ్చు గానీ గ్రూపులో ఆపుకునే వీలు లేదు. మెసేజ్ పెట్టినవాళ్ళు దాన్ని నొక్కిపట్టి సమాచారం చూస్తే ఎవరు ఎన్నింటికి చదివారో కనిపిస్తుంది. అక్క చూసింది. తమ్ముడు 6:31కే చదివాడు. కాబట్టి కాసేపటికే ఆమె నుంచి ఇంకో మెసేజ్ రావాలి: “చదివి ఊరుకుంటే ఏమనుకోవాలి.” అక్కడి నుంచి తగువు గ్రూపు దాటి విడి చాట్‌లోకి వెళ్తుంది. కథలో రెండు చాట్లు ఉండటం పాఠకుడికి గందరగోళమేమీ కాదు, పైన పేరు మారితే చాలు. అమ్మ ముందు మాట్లాడే గొంతు ఒకటి, ఇద్దరే ఉన్నప్పుడు ఇంకొకటి. మీ చిత్తులో ఈ రెండు గొంతులూ ఒకేలా ఉన్నాయి, రెండింట్లోనూ అందరూ పూర్తి వాక్యాలు రాస్తున్నారు, కామాలతో సహా. అర్ధరాత్రి రెండింటికి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నవాడు కామా పెట్టడు.

మలుపు ఎలా రావాలి? డాక్టర్ వచ్చి “ఇది డెలీరియం” అని పాఠం చెబితే కథ అక్కడే చచ్చిపోతుంది. చిన్న పరీక్ష ఒకటుంది, అది వాడుకోండి. ఇలాంటి అనుమానం ఉన్నప్పుడు డాక్టర్లు మనిషి ఏకాగ్రత చూడటానికి నెలల పేర్లో వారాల పేర్లో వెనక్కి చెప్పమంటారు. తెలివి తక్కువై కాదు, ధ్యాస నిలవకపోవడం ఈ జబ్బు గుర్తు, అందుకే. పేరు అడిగితే, ఊరు అడిగితే చాలామంది చెప్పేస్తారు, ఇంట్లోవాళ్ళు “చూశారా బానే ఉన్నారు” అనుకుంటారు. వెనక్కి లెక్కపెట్టమంటే దొరికిపోతారు. నాలుగో రోజు పొద్దున రౌండ్స్ టైమ్‌కి తమ్ముడే అక్కడ ఉండాలి:

ఉదయం 9:22, తమ్ముడు: డాక్టర్ వారాలు వెనక్కి చెప్పమన్నారు
ఉదయం 9:22, తమ్ముడు: శనివారం శుక్రవారం అన్నారు. తర్వాత మళ్ళీ శనివారం అన్నారు. తర్వాత నా వైపు చూశారు
ఉదయం 9:24, తమ్ముడు: నిన్న రాత్రి నీళ్ళు ఎన్ని తాగారు, పలికారా అని అడుగుతున్నారు. అక్కా నువ్వు రాసినవే చదివి వినిపించా

ఇక్కడ వాడు గెలిచాడు. గెలిచినట్టు కనబడకూడదు. “చెప్పానా” అనే మాట గానీ దానికి దగ్గర మాట గానీ వాడి నోట వస్తే నాకు ఆ కథ అక్కర్లేదు, మీక్కూడా ఉండకూడదు. అక్క వైపు నుంచి మాత్రం ఒక చిన్న పని జరగాలి: తన పాత మెసేజ్‌నే, “ఒక్కసారి కూడా లేవలేదు” అన్నదాన్నే తమ్ముడికి ఫార్వర్డ్ చేసి, దాని కింద “ఇది కూడా అదేనా” అని అడగాలి. గ్రూపులో కాదు, విడి చాట్‌లో. అప్పుడు తమ్ముడు ఆ జాగ్రత్త చేసుకున్న వాక్యం బయటపెట్టాలి. “నన్ను దొంగ అనుకున్నారక్కా.” అది అక్క ప్రశ్నకి జవాబు కాదు, అందుకే బాగుంటుంది. ఆమె తప్పుని ఆమె తడుముకుంటుంటే వాడు తన దెబ్బ చూపించాడు. ఆ తర్వాత ఆమె వాట్సాప్‌లోనే ఫోన్ చేస్తుంది కాబట్టి చాట్‌లో ఏమీ ఉండదు, కాల్ ఎంతసేపు సాగిందో చూపించే గీత తప్ప. నలభై ఒక్క నిమిషాలు అని ఉండనివ్వండి.

కారణాల విషయంలో మీరు జారిపోయే చోటు ఒకటుంది, ముందే చెబుతున్నా. ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్ళేముందు నాన్న కళ్ళద్దాలూ చెవి మెషీనూ తీసి సొరుగులో పెట్టారని మీరు మొదట్లో రాశారు, మళ్ళీ దాని ఊసే లేదు. చాలా మంచి వివరం, వదిలేయకండి. కనబడక, వినబడక, అర్ధరాత్రి వెలిగే లైట్ల మధ్య పడున్న మనిషికి ఎక్కడున్నాడో తెలియకపోవడం డెలీరియాన్ని పెంచుతుంది, అద్దాలూ మెషీనూ పెట్టడం చికిత్సలో నిజంగానే భాగం. సొరుగులో పెట్టింది ఎవరు అనే ప్రశ్న కూడా మీకు అక్కరకొస్తుంది. కానీ మెషీన్ చెవిలో పెట్టగానే నాన్న “ఏరా, వచ్చావా” అని లేచి కూర్చున్నట్టు రాశారో, అది కథ కాదు మెషీన్ ప్రకటన. ఈ జబ్బుకి చాలాసార్లు ఒకే కారణం ఉండదు. నొప్పికిచ్చే గట్టి మందు కొంత, నీళ్ళు తాగకపోవడం కొంత, నాలుగు రోజులుగా విరేచనం కాకపోవడం కొంత, మూత్రం గొట్టం వల్ల ఇన్ఫెక్షన్ ఉంటే అదొకటి, నిద్ర లేకపోవడం ఒకటి. డాక్టర్లు ఒక్కొక్కటే సరిచేస్తూ పోతారు. కొందరు రెండు మూడు రోజుల్లో తేరుకుంటారు, కొందరికి వారాలు పడుతుంది, కొందరు పూర్తిగా మునుపటిలా అవ్వరు. కాబట్టి ఐదో రాత్రి నాన్న కొంచెం బాగుండి, ఆరో రాత్రి మళ్ళీ తికమకపడటం వైద్యం ప్రకారం సరిపోతుంది, కథ ప్రకారం ఇంకా సరిపోతుంది.

మీ చిత్తులో ఇంకొకటి కూడా మార్చాలి. మూడో పేజీలో తమ్ముడు నాన్నతో వాదిస్తాడు, “ఎవరూ లేరు నాన్నా, బాగా చూడండి” అని పదే పదే. మొదటి రాత్రి అది సహజమే, ఎవరైనా అలాగే చేస్తారు. వాదిస్తే ఆ మనిషికి భయం పెరుగుతుంది గానీ నమ్మకం రాదు. ఆరో రాత్రికి వాడు నేర్చుకున్నట్టు ఒక్క మెసేజ్‌లో తెలియాలి: “మూలనున్నాయన్ని వెళ్ళిపొమ్మన్నా. సరేనన్నారు నాన్న.” చెప్పింది నిజమా కాదా అన్నది వదిలేసి భయాన్ని మాత్రం పట్టించుకున్నాడు, తర్వాత నేను ఫలానా, ఇది ఆసుపత్రి, కాలికి ఆపరేషన్ అయింది అని మెల్లగా చెప్పుకొచ్చాడు. అది మొత్తం రాయక్కర్లేదు. ఇదే మెసేజ్ ఈసారి గ్రూపులో పెట్టాడు, తొలగించలేదు అన్నది రాస్తే చాలు. అమ్మ చదువుతుందని తెలిసే పెట్టాడు. మొదటి రాత్రికీ ఈ రాత్రికీ ఇంట్లో మారింది ఏంటో అక్కడ కనబడుతుంది.

చుట్టాల సంగతి. గ్రూపులో పదకొండు మందిని పెట్టారు, నాకు ఐదో పేరు దగ్గరే ఎవరెవరో మర్చిపోయాను. అక్క, తమ్ముడు, అమ్మ, అత్త, అంతే. నిజం గ్రూపుల్లో ఇరవై మంది ఉంటారని మీరు అనొచ్చు. ఉంటారు, కానీ వాళ్ళు మాట్లాడరు. “మొత్తం 19 మంది” అని ఒకచోట కనబడితే చాలు, పాఠకుడు మిగతావాళ్ళని తనే ఊహించుకుంటాడు. శుభోదయం బొమ్మ ఒకటే ఉంచండి, అది కూడా తమ్ముడి 2:55 మెసేజ్‌కీ అమ్మ 5:20 ప్రశ్నకీ మధ్యలో ఎవరో దూరపు బంధువు పెట్టినట్టు. చదివేవాళ్ళకి ఒళ్ళు మండాలి.

టైమ్ ప్రతి మెసేజ్‌కీ వేయాలా అని చిత్తు చివర పెన్సిల్‌తో రాసుకున్నారు. వేయండి, కానీ ఎందుకు వేస్తున్నారో తెలిసి వేయండి. ప్రస్తుతం మీ టైములన్నీ పది, పదకొండు, పన్నెండు అని గుండ్రంగా ఉన్నాయి, వాటి మధ్య ఏమీ జరగడం లేదు. ముందు ఆ మూడో రాత్రి ఒక్కటీ కూర్చుని రాయండి, అక్కవి మూడో నాలుగో మెసేజ్‌లు, అత్తది ఒకటి. మీ ఫ్రెండ్‌కి ఇంకేమీ చెప్పకుండా అదొక్కటే ఇచ్చి చదివించండి. అత్త “హమ్మయ్య” అన్నచోట మీ ఫ్రెండ్‌కి కూడా హమ్మయ్య అనిపిస్తే బుగ్గలో నీళ్ళ వాక్యం ఇంకా సరిగ్గా కుదరలేదని అర్థం, దాన్నే మళ్ళీ రాయండి. “ఆయనకేదో అవుతోంది, ఎవరైనా డాక్టర్‌ని పిలవండి” అని మీ ఫ్రెండ్ విసుక్కుంటే మిగతా రాత్రులు రాయడం మొదలుపెట్టొచ్చు.